ముప్పై వేల ఆఫరా, ఇరవై వేల ఆఫరా: హాస్టల్ మంచం మీద వేసిన లెక్క

ఎస్సార్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్, నలుగురుండే గది. అచ్చంపేట వైపు ఒక ఊరి నుంచి వచ్చిన అమ్మాయి, పేరు సరిత అనుకుందాం. బీకాం అయింది, అమీర్‌పేటలో మూడు నెలలు ట్యాలీ, జీఎస్టీ నేర్చుకుంది. ఒకే వారంలో రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి రాయదుర్గంలో ఒక పెద్ద కాల్ సెంటర్, ఏడాదికి 3 లక్షల 60 వేల సీటీసీ. రెండోది బాలానగర్‌లో మందుల హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు, అకౌంట్స్ అసిస్టెంట్ పని, నెలకు 20 వేల జీతం.

పక్క మంచం మౌనికది వరంగల్. ఒక కంపెనీలో నాలుగేళ్లుగా జీతాల లెక్కలు చూస్తోంది. సరిత చూపించిన మొదటి కాగితం చూసి ఆమె అడిగింది ఒక్కటే.

"దీంతోని జీతం విడదీసిన కాగితం ఇంకోటి రాలేదా?"

"లేదక్కా. ముప్పై వేలని ఫోన్ల చెప్పిన్రు."

"ముప్పై వేలు నీకు గాదు చెల్లె, నీ మీద వాళ్లు పెట్టే ఖర్చు. నీ చేతికెన్నొస్తయో ఆ కాగితంల ఉంటది. మెయిల్ పెట్టి అడుగు."

ఇలాంటి రెండు ఆఫర్ల మధ్య ఇరుక్కున్న ఎవరికైనా మొదటి పని ఇదే. ఆఫర్ లెటర్ ముందు పేజీలో ఉండేది కంపెనీ పెట్టే ఖర్చు మొత్తం అంకె, దాన్నే సీటీసీ అంటారు. ఆ అంకెను ముక్కలుగా విడగొట్టి చూపే పేజీ పేరు అనెక్జర్. అది చేతికి రాకుండా రెండు ఆఫర్లను పక్కపక్కన పెట్టడమే కుదరదు. కింద వేసిన జీతాలు, హాస్టల్ అద్దె ఉదాహరణకు తీసుకున్నవి. కోతల శాతాలు మాత్రం చట్టంలో ఉన్నవే. మీ అంకెలు వేసుకుని ఇదే వరసలో చూసుకోవచ్చు.

## దేన్ని బట్టి పోల్చాలి

సరిత విషయంలో మౌనిక ఐదు సంగతులు పట్టుకుంది. నెలాఖరుకు బ్యాంకులో పడేది ఎంత. హాస్టల్, తిండి, దారి ఖర్చు పోగా మిగిలేది ఎంత. ఇంట్లో వాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే ఏ కార్డు పనికొస్తుంది. ఉద్యోగం నచ్చకపోతే బయటికి రావడానికి ఏం అడ్డం వస్తుంది. రెండేళ్ల తర్వాత రెజ్యూమెలో ఏ పని చేశానని రాసుకోగలదు.

కంపెనీ పేరు, ఆఫీసు అద్దాల మేడ, ఏసీ ఇందులో లేవు. వాటికీ విలువ ఉంటుంది గానీ లెక్క తేలాకే. పై ఐదింట్లో రెండు ఆఫర్లు సరిసమానంగా తేలినప్పుడు మాత్రమే వాటి వైపు చూడండి.

## రాయదుర్గం ఆఫర్: ముప్పై వేలు ఎక్కడికి పోయాయి

రెండు రోజులకు మెయిల్‌లో అనెక్జర్ వచ్చింది. నెలవారీగా చూస్తే ఇలా ఉంది.

| వివరం | నెలకు (రూ.) |
|---|---|
| బేసిక్ | 15,000 |
| ఇంటి అద్దె అలవెన్స్ | 6,000 |
| స్పెషల్ అలవెన్స్ | 2,978 |
| నెలనెలా లెక్కకొచ్చే జీతం | 23,978 |
| కంపెనీ వాటా పీఎఫ్ | 1,800 |
| గ్రాట్యుటీ | 722 |
| గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం | 500 |
| వేరియబుల్ పే | 3,000 |
| మొత్తం సీటీసీ | 30,000 |

కింది నాలుగు వరసలే మోసపుచ్చేవి. అబద్ధం కావు గానీ నెలనెలా చేతికి వచ్చేవీ కావు. పీఎఫ్‌లో కంపెనీ వాటా సరిత ఖాతాలోకే వెళ్తుంది, కానీ ఇప్పుడు ఖర్చు పెట్టుకోవడానికి ఉండదు. పైగా ఆ 1,800లో 1,250 పింఛను పథకానికి పోతుంది, పీఎఫ్ నిల్వలో కలిసేది 550 మాత్రమే. గ్రాట్యుటీ పర్మినెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్లు నిండితే గానీ రాదు. కాల్ సెంటర్లో ఐదేళ్లు ఉంటానని గట్టిగా చెప్పగలిగే వాళ్లు తక్కువ కాబట్టి ఆ 722ను లెక్కలోంచి కొట్టేయడమే మేలు. వేరియబుల్ పే మూడు నెలలకోసారి, టార్గెట్‌ను బట్టి. ట్రైనింగ్‌లో ఉన్నన్నాళ్లూ అది రాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఇక మిగిలిన 23,978 నుంచి కోతలు. సరిత వాటా పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, అంటే 1,800. తెలంగాణలో నెల జీతం 20 వేలు దాటితే వృత్తి పన్ను 200. ఈ రెండూ తప్పవు. మూడోది మౌనిక అడిగించింది కాబట్టి బయటపడింది: క్యాబ్ కోసం నెలకు 1,500. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లను పెట్టుకునే కంపెనీ వాళ్లను తీసుకెళ్లి దించే ఏర్పాటు చేయాల్సిందే. అయినా కొన్ని చోట్ల పే స్లిప్‌లో ట్రాన్స్‌పోర్ట్ రికవరీ అని ఒక కోత కనిపిస్తుంది. అది అనెక్జర్‌లో ఉండదు, మొదటి జీతంలో తెలుస్తుంది. 'క్యాబ్ ఉందా' అని అడిగితే ఉందనే చెబుతారు. 'క్యాబ్‌కి జీతంలోంచి ఎంత పట్టుకుంటారు' అని అడగాలి.

అన్నీ పోగా 20,478. ముప్పై వేలు ఇరవై వేల నాలుగొందలయింది.

## బాలానగర్ ఆఫర్: చిన్న కాగితం, చిన్న కోతలు

డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు ఇచ్చింది ఒకే పేజీ. బేసిక్ 12,000, ఇంటి అద్దె అలవెన్స్ 8,000, మొత్తం 20,000. పీఎఫ్‌లో, వైద్యం కోసం ఉండే ఈఎస్ఐలో యజమాని వాటా దీనికి అదనం అని స్పష్టంగా రాశారు. ఈ ఒక్క మాట రాసి ఉందా లేదా అన్నది చిన్న ఆఫీసుల్లో తప్పకుండా చూడాలి. లేకపోతే రెండు వాటాలూ అదే 20 వేలలోంచి పట్టుకుని 'మొత్తం మీద నీకిచ్చేది ఇరవయ్యే కదమ్మా' అనే యజమానులు ఉంటారు.

కోతలు: పీఎఫ్ 12 శాతం అంటే 1,440. ఈఎస్ఐ 0.75 శాతం అంటే 150. వృత్తి పన్ను 15,001 నుంచి 20,000 వరకు ఉన్న శ్లాబులో 150. చేతికొచ్చేది 18,260.

రాయదుర్గం కంపెనీ లెక్కగట్టే పద్ధతిలోనే దీన్నీ చూస్తే యజమాని వాటా పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 650 కలిపి నెలకు 22,090 అవుతుంది. కాబట్టి ఎవరైనా 'వాళ్లు ముప్పై ఇస్తుంటే వీళ్లు ఇరవయ్యేనా' అంటే ఆ పోలికే తప్పు. ఒకవైపు సీటీసీ, ఇంకోవైపు జీతం పట్టుకుని తూస్తున్నారు. సీటీసీకి సీటీసీ తూస్తే తేడా 7,910. చేతికొచ్చేదానికి చేతికొచ్చేది తూస్తే 2,218.

## మిగిలేది

మౌనిక ఇక్కడ పెన్ను పక్కన పెట్టి మెస్ టైమింగ్స్ అడిగింది. సరితకు ముందు అర్థం కాలేదు.

రాయదుర్గం పని అమెరికా కస్టమర్లకు, రాత్రి 8 నుంచి తెల్లవారి 5 వరకు. క్యాబ్ సాయంత్రం 6:30కు వస్తుంది. హాస్టల్లో రాత్రి భోజనం 8 తర్వాత. అంటే డబ్బు కట్టిన భోజనం నెలకు 22 రోజులు తినడానికి ఉండదు. ఆఫీస్ క్యాంటీన్లో భోజనం, నడిరాత్రి ఒక టీ కలిపి 80 రూపాయలు అనుకున్నా నెలకు 1,760. హాస్టల్ వాళ్లు తినని పూటకు డబ్బు తగ్గించరు.

బాలానగర్ పని పొద్దున 9:30 నుంచి సాయంత్రం 6:30 వరకు. పొద్దున టిఫిన్‌తో పాటు బాక్సు కట్టుకుని పోవచ్చు. ఎస్సార్‌నగర్ నుంచి ఆర్టీసీ సిటీ బస్సులో వెళ్తే సరితకు టికెట్ లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉండాలి. గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి ఇదే లెక్క వేసుకునే అమ్మాయి ఇక్కడ బస్సు ఖర్చు కలుపుకోవాలి. బస్సు దిగాక ఆఫీసు దాకా షేర్ ఆటోకు రానుపోను 20, ఇరవై ఆరు రోజులకు 520.

| | రాయదుర్గం | బాలానగర్ |
|---|---|---|
| కాగితం మీద సీటీసీ | 30,000 | 22,090 |
| చేతికొచ్చేది | 20,478 | 18,260 |
| హాస్టల్ | 6,500 | 6,500 |
| బయటి తిండి | 1,760 | 0 |
| దారి ఖర్చు | 0 (క్యాబ్ కోత పైనే పోయింది) | 520 |
| మిగిలేది | 12,218 | 11,240 |

తేడా 978 రూపాయలు.

వేరియబుల్ పే పూర్తిగా వస్తే ఈ తేడా నెలకు సగటున నాలుగు వేల దాకా వెళ్తుంది. అది ఎంతమందికి వస్తుందో హెచ్ఆర్ చెప్పరు, అడిగితే 'మంచి పర్ఫార్మర్లకు వందశాతం' అంటారు. తెలుసుకునే దారి వేరే ఉంది. షిఫ్టు వదిలే వేళకు ఆ ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర ఆరు నెలలకు పైగా పనిచేస్తున్న ఇద్దరినో ముగ్గురినో పట్టుకుని 'పోయిన క్వార్టర్ నీకెంత పడింది' అని అడగాలి. 'సగం పడింది' అని ఇద్దరన్నా చెబితే, లెక్కలో సగమే వేసుకోండి.

ఒక మాట రాయదుర్గం వైపు కూడా చెప్పుకోవాలి. బాలానగర్‌ది వారానికి ఆరు రోజుల పని. గది వదిలినప్పటి నుంచి తిరిగొచ్చే దాకా రోజుకు పదిన్నర గంటలు, నెలకు 273. కాల్ సెంటర్‌ది రోజుకు పావు తక్కువ పన్నెండు గంటలైనా వారానికి ఐదే రోజులు కాబట్టి నెలకు 258 చిల్లర. శని, ఆదివారాలు సెలవు. అచ్చంపేటకు బస్సులో మూడు గంటలు పైనే పడుతుంది. ఒక్క ఆదివారంలో పోయి రావడమంటే ఇంట్లో అన్నం తిని వెనక్కి తిరగడమే.

## పగటి నిద్ర సంగతి

రాత్రి షిఫ్టు గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా భద్రత గురించే మాట్లాడతారు. అది ముఖ్యమే. క్యాబ్ గురించి రెండు ప్రశ్నలు అడిగి తీరాలి. మొదట ఎక్కేది, చివర దిగేది ఆడపిల్లే అయితే గార్డు ఉంటారా? గల్లీ మొదట్లో దించుతారా, హాస్టల్ గేటు ముందా? ఎస్సార్‌నగర్ గల్లీల్లో తెల్లవారుజామున కుక్కల మధ్య నడిచినవాళ్లకు రెండో ప్రశ్న ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

కానీ హాస్టల్లో ఉండి రాత్రి షిఫ్టు చేసేవాళ్లు మూడో నెలలో ఉద్యోగం మానేస్తే, కారణం చాలాసార్లు పగటి నిద్ర. నలుగురుండే గదిలో ముగ్గురు పొద్దున ఏడింటికి లేచి తయారవుతారు. ఒకరి హెయిర్ డ్రయర్, ఇంకొకరి ఫోను. తొమ్మిదికి వాళ్లు పోగానే గది ఊడ్చేవాళ్లు తలుపు కొడతారు. పదకొండుకు పైన ట్యాంకు నింపే మోటరు. మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను ఆగి మెలకువ వస్తుంది. కాగితం మీద ఎనిమిది గంటలు పడుకోవచ్చు, నిజంగా పట్టేది నాలుగైదు.

దీనికి విరుగుడు లేకపోలేదు. రాత్రి షిఫ్టు వాళ్లకు విడిగా గది ఇచ్చే హాస్టళ్లు మాదాపూర్, గచ్చిబౌలి వైపు దొరుకుతాయి. అక్కడ మెస్ వాళ్లు సాయంత్రం ఆరింటికి కూడా బాక్సు కడతారు. అద్దె మాత్రం ఎస్సార్‌నగర్ కంటే ఎక్కువ. 8,500 అనుకుంటే, పైన తేలిన 978 రూపాయల తేడా అక్కడే ఆవిరై, ఇంకో వెయ్యి ఎదురు పడుతుంది. బాక్సు కడతారు కాబట్టి బయటి తిండి 1,760 మిగలొచ్చు. అప్పుడు మళ్లీ దాదాపు మొదటికే వస్తాం.

ఎస్సార్‌నగర్‌లోనే ఉండాలనుకుంటే వార్డెన్‌ను ముందే అడగాలి, పొద్దున ఆరుంబావుకు గేటు తీస్తారా అని. చాలా హాస్టళ్లలో రాత్రి వేసిన తాళం అంత పొద్దున్నే తీయరు. కంపెనీ నుంచి షిఫ్టు లెటర్ తెచ్చిస్తే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఆఫర్‌కు ఒప్పుకున్నాక అడిగితే దారి ఉండదు.

## అమ్మ మందులు, ఈఎస్ఐ

సరిత వాళ్ల అమ్మకు షుగరు, మోకాళ్ల నొప్పులు. ప్రతి నెలా మందులకు ఖర్చవుతుంది. రెండు ఆఫర్ల మధ్య అసలు గీత ఇక్కడ పడింది.

నెల జీతం 21,000 మించకపోతే ఈఎస్ఐ వర్తిస్తుంది. బాలానగర్ జీతం 20,000 కాబట్టి వస్తుంది. రాయదుర్గం జీతం 23,978 కాబట్టి రాదు, అక్కడ కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావు. గ్రూప్ ఇన్సూరెన్స్ చాలావరకు ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. డాక్టరు ఫీజు, నెలనెలా మాత్రలు అందులో రావు. తల్లిదండ్రులను చేర్చారా లేదా అన్నది పాలసీని బట్టి. సరిత అడిగితే ఆమెకొక్కదానికే అని జవాబొచ్చింది. ఉద్యోగం వదిలిన రోజుతో అదీ పోతుంది.

ఈఎస్ఐలో డిస్పెన్సరీలో చూపించుకోవడం, మందులు, పరీక్షలు, ఆస్పత్రిలో చేరడం అన్నీ ఉంటాయి. ఉద్యోగి మీద ఆధారపడిన తల్లిదండ్రులను కూడా చేర్చుకోవచ్చు, వాళ్ల ఆదాయం నెలకు 9,000 మించకూడదు. చేరేటప్పుడు కుటుంబ వివరాల్లో అమ్మ పేరు, ఆధార్ రాయించకపోతే తర్వాత తిరగాల్సింది మీరే. చిన్న ఆఫీసుల్లో ఆ ఫారం నింపే అకౌంటెంట్ తొందరలో 'కుటుంబం లేదు' అని కొట్టేయడం మామూలే. పెద్ద చికిత్సలకు మాత్రం కొన్ని నెలల చందా కట్టి ఉండాలన్న షరతు ఉంది, చేరిన మర్నాడే ఆపరేషన్ అంటే కుదరదు.

మందులు ఉచితమే, క్యూ మాత్రం ఉచితం కాదు. నెలకోసారి ఒక పూట పోతుందని అనుకోవాలి. అమ్మ ఊళ్లో ఉంటే, దగ్గర్లో ఈఎస్ఐ డిస్పెన్సరీ ఉందో లేదో కూడా చూసుకోవాలి. లేకపోతే ఆమె హైదరాబాద్ రావాల్సిందే. సరితకు కలిసొచ్చింది ఏమిటంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి ఎస్సార్‌నగర్ పక్కనే. మెట్రోలో ఎస్సార్‌నగర్ తర్వాతి స్టేషన్ పేరే ఈఎస్ఐ హాస్పిటల్. అమ్మకు అచ్చంపేట నుంచి బస్సు ఉచితం.

"మరి ఆరోగ్యశ్రీ ఉంది గదా అక్కా?" అని సరిత అడిగింది. ఉంది. అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. నెలనెలా షుగరు మాత్రలకు కాదు.

## బాండు ఒకవైపు, ఒరిజినల్స్ ఇంకోవైపు

రాయదుర్గం కాగితాల్లో ఒక ట్రైనింగ్ అగ్రిమెంట్ ఉంది. ఏడాదిలోపు మానేస్తే 50,000 కట్టాలి, నోటీసు 60 రోజులు. 'బాండ్లు కోర్టుల చెల్లవు, సంతకం పెట్టెయ్' అని హాస్టల్లో ఇంకో అమ్మాయి సలహా ఇచ్చింది. అది పాత నమ్మకం. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, గడువుకు ముందే వెళ్లిపోయిన ఉద్యోగి ఒప్పందం ప్రకారం డబ్బు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ప్రతి బాండూ చెల్లుతుందని దానర్థం కాదు. అడిగిన మొత్తం న్యాయంగా ఉందా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. కానీ ఉత్త కాగితమే అనుకుని సంతకం పెట్టడం తప్పు. కోర్టు దాకా పోకుండానే కంపెనీ చేతిలో రిలీవింగ్ లెటర్ ఉంటుంది. అది ఆపితే తర్వాతి ఉద్యోగం ఆగుతుంది.

బాలానగర్‌లో బాండు లేదు, నోటీసు 30 రోజులే. అయితే డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టాలన్నారు. మౌనిక ఇంత లెక్కలోనూ గొంతు పెంచింది ఇక్కడే.

"ఒరిజినల్స్ అస్సలియ్యకు. చూపెట్టు, జిరాక్స్ మీద సంతకం జేసియ్యి. కాదంటే ఆ ఉద్యోగమే ఒద్దు."

బాండులో కనీసం అంకె రాసి ఉంటుంది, ఎంత కడితే బయటపడతారో తెలుస్తుంది. సర్టిఫికెట్లు యజమాని బీరువాలో ఉంటే ఎన్ని నెలలు ఆపుతారో, దేనికి ఆపుతారో తెలియదు. నా లెక్కలో ఏ జీతమైనా దీనికి సరిపోదు.

## రెండేళ్ల తర్వాత

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. ట్యాలీ, జీఎస్టీ నేర్చుకుని కాల్ సెంటర్‌కు పోతే ఏడాదిలో అది మరిచిపోతారు. బదులుగా ధారాళంగా మాట్లాడే ఇంగ్లిష్ వస్తుంది, అది చిన్న లాభమేం కాదు. బాలానగర్‌లో మాత్రం ఒక్కటి అడిగి తేల్చుకోవాలి: రోజంతా బిల్లులు ఎక్కించడమేనా, రిటర్నులు కూడా చేయిస్తారా? ఈ ప్రశ్న సూటిగా అడిగితే 'అన్నీ నేర్పిస్తాం' అంటారు. అందుకే మౌనిక ఇంకోలా అడగమంది: "నెలలో 11వ తారీఖు, 20వ తారీఖు నాకేం పని ఉంటుంది సార్?" నెలవారీ జీఎస్టీఆర్-1కు గడువు 11, జీఎస్టీఆర్-3బీకి 20. 'ఆ రోజుల్లో నువ్వే అమ్మకాల బిల్లులు పోల్చి సీఏ గారికి పంపాలి' అని జవాబొస్తే అది అకౌంట్స్ పని. 'ఆ రోజుల్లో ప్రత్యేకమేముంది' అంటే డేటా ఎంట్రీ.

## ఎవరికి ఏది

సరిత పరిస్థితిలో, అంటే అకౌంట్స్ చదివి, అమ్మకు నెలనెలా మందులు కావాల్సి, ఎస్సార్‌నగర్ హాస్టల్లో ఉంటున్న అమ్మాయికి, బాలానగర్ నయం. సర్టిఫికెట్లు అడగకపోతేనే. నెలకు 978 రూపాయల కోసం రాత్రి నిద్ర, ఈఎస్ఐ, నేర్చుకున్న విద్య మూడూ వదులుకోవడం నష్టబేరం.

కొంచెం మార్చి చూడండి. బీఏ చదివి చేతిలో ఏ కోర్సూ లేని అమ్మాయి, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు వాళ్ల గది దొరికింది. ఆమెకు రాయదుర్గమే మేలు. ఏడాది తిరిగేసరికి భాష వస్తుంది, జీతం పెరిగే అవకాశమూ అక్కడే ఎక్కువ. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లలో రాత్రి షిఫ్టు అంటే గొడవ జరుగుతుందన్నది నిజమే, అది లెక్కలో వేయాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. వేస్తే మాత్రం బాండు గడువుతో కలిపి వేయాలి. పెళ్లి కుదిరి ఎనిమిదో నెలలో మానేస్తే యాభై వేలు ఎవరు కడతారని ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

ఆంధ్ర వైపు నుంచి వచ్చి మహాలక్ష్మి వర్తించని వాళ్లకు బాలానగర్‌లో మిగిలేది బస్సు పాస్ ధర మేర తగ్గుతుంది. అంతమాత్రాన నిర్ణయం తిరగబడదు.

## అడిగిన మూడు మాటలు

సరిత బాలానగర్ ఆఫీసుకు ఒక మెయిల్ రాసింది. ఒరిజినల్స్ ఇవ్వలేనని, చూసుకుని వెనక్కి ఇచ్చేయమని. 11, 20 తేదీల పని గురించి. మూడోది జీతం. ఇరవై రెండు అడుగుతానంటే మౌనిక ఆపింది.

"ఇరవై ఒకటి అడుగు. ఒక్క రూపాయి గూడ ఎక్కువొద్దు."

కారణం ఈఎస్ఐ గీత. 21,000 దాకా అయితే కార్డు ఉంటుంది. 21,500 ఇస్తే ఉండదు, అయిదొందల కోసం అమ్మ మందులు పోతాయి. 21,000కు బేసిక్ 12,600 అయితే పీఎఫ్ 1,512, ఈఎస్ఐ 158, వృత్తి పన్ను 200, చేతికి 19,130. ఖర్చులు పోగా 12,110 మిగులుతుంది. అప్పుడు రాయదుర్గంతో తేడా 108 రూపాయలు. తర్వాత ఎప్పుడో జీతం పెరిగి గీత దాటినా కార్డు ఆ నెలలోనే ఆగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు విడతలుంటాయి, ఆ విడత అయ్యేదాకా చందా కడుతూ కొనసాగుతుంది.

యజమాని వెంటనే ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇరవై, ఆరు నెలలు నిండాక ఇరవై ఒకటి అన్నాడు. ఆ మాట ఆఫర్ లెటర్లోనే రాసివ్వమంటే రాసిచ్చాడు. సర్టిఫికెట్లు జిరాక్స్‌తో సరిపెట్టుకున్నాడు. 11వ తారీఖు పని గురించి అడిగితే మాత్రం నవ్వి, 'ఆ రోజు ఇంటికి లేటైతదమ్మా' అన్నాడు. మౌనికకు ఆ జవాబు నచ్చింది.

రాయదుర్గానికి మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పంపి వద్దనడం మంచిది. చెప్పకుండా చేరకపోతే, రెండేళ్ల తర్వాత అదే కంపెనీలో అకౌంట్స్ ఖాళీకి అప్లై చేసినప్పుడు పేరు పక్కన ఆ గుర్తు కనిపించవచ్చు.

ఇక చేరే ముందు ఒకటి, చేరాక ఒకటి చూడాలి. ముందు, ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో Establishment Search లో ఆఫీసు పేరు కొట్టి పీఎఫ్ కోడ్ ఉందో లేదో చూడటం. చేరాక, మొదటి జీతం వచ్చిన తర్వాతి నెల 15వ తేదీ దాటాక పీఎఫ్ పాస్‌బుక్ తెరవడం. పీఎఫ్, ఈఎస్ఐ చందాలు యజమాని ఆ తేదీలోగా కట్టాలి. పే స్లిప్‌లో 1,440 కోసినట్టు ఉండి, నెలాఖరు దాకా పాస్‌బుక్‌లో ఏమీ పడకపోతే, ఆ డబ్బు యజమాని దగ్గరే ఆగిందన్నమాట. మొదటి నెలలోనే అడిగితే 'పోర్టల్లో సమస్య' అని సర్దుకుని కడతారు. ఆరు నెలలు ఊరుకుని అడిగితే మాట మారుతుంది.